మంగళవారం నుంచి వెనక్కి

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మీద రోజుకో చిన్న వీడియో చొప్పున నెల రోజులు పెడతామని మా గరివిడి కుర్రాళ్లు అన్నప్పుడు, వాళ్లకు నేను చెప్పిందొకటే. మొదటి రోజు ఏం పెట్టాలని ఆలోచించకండి, ఆఖరి రోజు నుంచి వెనక్కి రాసుకు రండి అన్నాను.

విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను. 2025లో దశమి అక్టోబరు 2, గురువారం. కాబట్టి సిరిమాను 7న, ముందురోజు సోమవారం తొలేళ్లు, పై మంగళవారం 14న పెద్దచెరువులో తెప్పోత్సవం. ఈ మూడూ కదలని మేకులు. 14ను కూడా కలుపుకుని 30 రోజులు వెనక్కి లెక్కపెడితే సెప్టెంబరు 15 వస్తుంది. మొదలుపెట్టాల్సిన రోజు అలా తేలింది. చాలామంది ప్రణాళిక 7తోనే ఆగిపోతుంది. జనం ఊళ్లకు వెళ్లిపోయి తీరుబడిగా ఫోను చూసుకునేది ఆ తర్వాతి వారంలోనే కదా!

అసలు చిక్కు మాను దగ్గర వస్తుంది. సిరిమానుకు ఏ చింతచెట్టు కావాలో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. ఆ చెట్టును వెతికి, పూజచేసి, కొట్టి, ఊరేగింపుగా తెస్తారు. అది ఏ ఊళ్లో దొరుకుతుందో నెల ముందు ఎవరికీ తెలియదు. కుర్రాళ్లు మాత్రం పట్టికలో దానికి ఒక తేదీ వేసేశారు. ఆ కాగితం చూసిన ఒక పెద్దాయన, "మానెక్కడుందో అమ్మ సెప్పాల గానీ మీ కాగితం సెప్తాదేటి బాబూ" అన్నాడు. ఆ మాట తర్వాత పట్టిక తీరే మారింది.

తేదీ పక్కన ఇంకో గడి గీశాం, 'ఆగగలదా?' అని. వనంగుడి, చదురుగుడి, 1757 నాటి బొబ్బిలి యుద్ధం, పెద్దచెరువులో అమ్మవారి విగ్రహం దొరికిన కథ, ఇవన్నీ ఆగగలవు. ఈవేళ కాకపోతే మూడు రోజుల తర్వాత పెట్టినా చెడిపోవు. వీటిని ముందే తీసి, కోసి, అక్షరాలు కూడా వేసి ఫోనులో ఉంచుకోవాలి. చెట్టు దొరికిన కబురు వచ్చిన రోజు ఆనాటి కథను పక్కకు జరిపి చెట్టును పెట్టాలి. ఇలా జరపడానికి నాలుగు వీడియోలైనా చేతిలో లేకపోతే, రెండో వారానికే రాత్రి పన్నెండింటిదాకా కూర్చొని కోసుకోవాల్సి వస్తుంది. పగలు ఉద్యోగమో చదువో ఉన్నవాళ్లకు అది సాగదు. అందుకే ఒక ఆదివారం రైలెక్కి విజయనగరం వెళ్తే, ఆ వారానికి సరిపడా తీసుకురావాలి.

వారానికో అంశం అనుకోవడం మంచిదే. మొదటివారం చరిత్ర, రెండోవారం మనుషులు, మూడోవారం మాను, ఆ తర్వాత ఉత్సవం. రెండోవారం మీద నాకు మక్కువ ఎక్కువ. సిరిమాను ముందు బెస్తవారి వల, పాలధార, అంజలి రథం, తెల్లఏనుగు నడుస్తాయి. ఒక్కొక్కదాన్ని ఒక్కో వీడియోగా విడదీసి, అందులో పాల్గొనేవాళ్ల నోటితోనే చెప్పించాలి. గుడి గోపురంతో మొదలయ్యే వీడియోలు వరసగా మూడు పెడితే, నాలుగోదాన్ని జనం వేలితో నెట్టేస్తారు. ఎంతసేపు చూశారో చూపే గీత మొదటి మూడు సెకన్లలోనే పడిపోయిందంటే కారణం అదే. మనిషి ముఖంతోనో డప్పు మోతతోనో మొదలుపెట్టి చూడండి. ఆ మోత కూడా అక్కడే రికార్డు చేసుకోండి. సినిమా పాట వేస్తే హక్కుల పేరుతో వీడియో మూగబోవచ్చు.

తొలేళ్ల రాత్రికి ఒకే విషయం చాలు. అమ్మవారి దగ్గర ఉంచిన విత్తనాలను రైతులకు పంచుతారు. వాళ్లు వాటిని తమ విత్తనాల్లో కలుపుకుంటారు. గింజలు అందుకునే చేతుల మీదే కెమెరా ఉంచండి.

ఇక మంగళవారం. మూడులాంతర్లు, కోట మధ్య లక్షల జనం ఉంటారు. ఆ వేళ సెల్ సిగ్నలు మీద ఆశ పెట్టుకోకూడదు. మాను గుడి నుంచి కోటకు మూడుసార్లు ఎలా తిరుగుతుందో చెప్పే వీడియోను ముందే తయారుచేసి పొద్దున్నే పెట్టేయాలి. మధ్యాహ్నం తీసుకోవడమే పని, పెట్టడం బుధవారం. నిలువు చట్రంలో మాను చివర కూర్చున్న పూజారి పడితే కింద బండి పోతుంది, బండి పడితే పూజారి పోతాడు. రెండూ కావాలంటే దూరంగా ఉన్న మేడ కావాలి. ఆ ఇంటివాళ్లను వారం ముందే అడగాలి. అప్పటికప్పుడు వెళ్తే మెట్లమీద కూడా చోటుండదు.

చెట్టు కొట్టే చోట, గర్భగుడిలో అడగకుండా ఫోను ఎత్తకూడదు. పట్టికలో ఖాళీ పడినా సరే. ఈసారి పట్టిక గీసేవాళ్లు తెప్పోత్సవం గడినే ముందు నింపండి, పెద్దచెరువు గట్టుమీద మీ చోటెక్కడో ఇప్పుడే చూసుకోండి.