ఆరింటికి రెండు మాత్రలు

కల్లూరు మండలంలోని ఒక రైతును ఊహించుకుందాం. వయసు యాభై రెండేళ్లు, షుగర్ ఉంది. ఏడాది కిందట బైకు మీద నుంచి పడితే కర్నూలులో మోకాలి కింద ఎముకకు ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది గానీ ఆ చోట చర్మానికి చిన్న చిల్లు పడి, రోజూ చీము కారడం మొదలైంది. జూన్ 3న మళ్లీ ఆపరేషన్ చేసి ప్లేటు తీసేశారు, చచ్చిన ఎముకను గీకేశారు. లోపలి ముక్కను పరీక్షకు పంపితే స్టెఫైలోకాకస్ అని తేలింది. వారం రోజులు సెలైన్‌లో మందు ఎక్కించారు. జూన్ 10 పొద్దున ఇంటికి పంపుతున్నారు. చేతిలో ఒక కాగితం పెట్టాలి.

నోటి మాత్రలతో ఎముక చీము తగ్గుతుందా అని ఇంట్లో అందరూ అడుగుతారు. సూది మందే గొప్పదన్న నమ్మకం ఊళ్లలోనే కాదు, చాలాకాలం డాక్టర్లలోనూ ఉండేది. 2019లో బ్రిటన్‌లో వెయ్యి మందికి పైగా రోగులపై జరిగిన ఓవీవా పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఆరు వారాల సూది మందు వర్గంలో ఏడాదిలోపు చికిత్స విఫలమైనవారు 14.6 శాతం, నోటి మందు వర్గంలో 13.2 శాతం. సరైన మాత్రను ఎంచి, ఆపరేషన్ బాగా చేస్తే మాత్ర వెనకబడదు. అయితే సూది మందు నర్సు చేతిలో ఉంటుంది, మాత్ర ఇంట్లో ఉంటుంది. అందుకే కాగితం మీద భారం పెరుగుతుంది.

మామూలు డిశ్చార్జి కాగితంలో ఏముంటుంది? సిప్రోఫ్లాక్సాసిన్ 750, 1-0-1. రిఫాంపిసిన్ 450, 1-0-1. కాల్షియం, 1-0-0. గ్లిమిపిరైడ్, 1-0-0. అంకెలన్నీ సరైనవే. ఆ రైతు పొద్దున సంగటి, పెరుగు తిని, నాలుగు మాత్రలూ అరచేతిలో పోసుకుని ఒక్క గుక్కలో మింగేస్తాడు. కాగితం చెప్పినట్టే చేశాడు కదా! కానీ కాల్షియం సిప్రోఫ్లాక్సాసిన్‌ను పట్టుకుని కూర్చుంటుంది, పేగు దాన్ని పీల్చుకోలేదు. ఉత్త పెరుగూ పాలూ అంతే. తిన్న వెంటనే వేసుకుంటే రిఫాంపిసిన్ కూడా తక్కువే ఎక్కుతుంది. అంటే వేసుకున్న మందు ఎముక దాకా చేరదు. నెల తర్వాత చీము తిరిగి వస్తే మందు పనిచేయలేదంటారు.

అందుకే కాగితంలో గడియారం ఉండాలి. పొద్దున 6కి రెండు యాంటిబయాటిక్‌లూ నీళ్లతో. 8కి పలారం, షుగర్ మాత్ర. పెరుగూ కాల్షియం మాత్రా మధ్యాహ్నం 12కి, భోజనంతో. సాయంత్రం 6కి మళ్లీ ఆ రెండు మాత్రలు. ఆ తర్వాత గంటకు గానీ అన్నం ముట్టకూడదు. కాల్షియానికీ సాయంత్రం మాత్రకూ మధ్య ఆరు గంటలు వచ్చాయి, పొద్దున మాత్ర నుంచీ అంతే. అడ్డంగా నాలుగు గళ్లు గీసి రాస్తే చదువు రాని భార్య కూడా గడియారం చూసి ఇవ్వగలదు.

ఇంకో వాక్యం తప్పక రాయాలి. రిఫాంపిసిన్ మూత్రాన్ని ఎర్రగా, నారింజ రంగులోకి మారుస్తుంది. చెమట, కన్నీళ్లు కూడా. చెప్పకపోతే మొదటిరోజే రక్తం పడిందని భయపడి మానేస్తారు. పైగా ఇది టీబీ మందు. పక్కింటివారు పేరు చదివి "మీకు టీబీనా?" అని అడిగితే ఆ కుటుంబం ఏం చెప్పాలి? ఎముక ముక్కలో టీబీ కూడా వెతికాం, లేదు అన్న ఫలితాన్ని డాక్టరే ఆ కాగితంలో రాస్తే జవాబు అక్కడే దొరుకుతుంది.

ఒక మాత్ర అయిపోయి ఇంకోటి మిగిలితే రిఫాంపిసిన్ ఒక్కటే వేసుకోకూడదు. ఒంటరిగా ఇస్తే క్రిమి దానికి త్వరగా లొంగకుండా పోతుంది. కాబట్టి షాపులో స్టాకు లేదని చెప్పిన రోజే ఫోన్ చేయాలి. లెక్క కూడా రాసివ్వాలి: జూన్ 10 నుంచి జులై 14 దాకా 35 రోజులు, ఒక్కో రకం 70.

మడమ వెనక నొప్పి పుడితే సిప్రోఫ్లాక్సాసిన్ వల్ల కావచ్చు, అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి. కళ్లు పచ్చబడితే, వాంతులు ఆగకపోతే, చీము మళ్లీ కారితే, జ్వరం వస్తే కూడా అంతే. కాలు బాగుందా అన్నది ఎక్స్‌రే కన్నా ముందు ఆ గాయమే చెబుతుంది. సీఆర్పీ ఆపరేషన్ నాడు ఎంత, ఇంటికి వెళ్లేనాడు ఎంత అన్న రెండు అంకెలూ రాసి ఉంటే, రెండు వారాలకు చూసే కొత్త డాక్టర్ జబ్బు ఏ దారిలో ఉందో పోల్చుకోగలడు.

షుగర్ సంగతి చాలామంది వదిలేస్తారు. రిఫాంపిసిన్ గ్లిమిపిరైడ్ పనిని తగ్గిస్తుంది, చక్కెర పెరుగుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ ఒక్కోసారి ఉన్నట్టుండి దాన్ని పడేస్తుంది. వణుకు, చెమటలు పడితే బెల్లం నోట్లో వేసుకుని పరీక్ష చేయించుకోవాలి. మధ్యలో షుగర్ మాత్ర పెంచి ఉంటే, జులై 14 తర్వాత రిఫాంపిసిన్ ప్రభావం రెండు వారాల్లో దిగిపోతుంది, పెంచిన మోతాదు అప్పుడు ఎక్కువవుతుంది. కాబట్టి కాగితం చివర జులై 28 అని రాసి, పక్కన ఇలా ఉండాలి: "ఆ రోజు పరగడుపున షుగర్ చూపించుకోండి, మాత్ర తగ్గించాల్సి రావచ్చు."