ఒక తీసివేత లెక్క

మా అక్క కూతురికి 23 ఏళ్లు. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తుంటే స్కాను, హార్మోను పరీక్షలు చేయించి పీసీఓఎస్ అని తేల్చారు. లిపిడ్ రిపోర్టూ వచ్చింది. మొత్తం కొలెస్ట్రాల్ 190. రెండొందల లోపే కదా అని ఇంట్లో అందరం స్థిమితపడ్డాం.

హార్మోన్ల డాక్టరమ్మ ఆ అంకెను పట్టించుకోనే లేదు. ఆవిడ పెన్ను ట్రైగ్లిజరైడ్స్ 220 కిందా, హెచ్‌డీఎల్ 36 కిందా గీత గీసింది. "పరగడుపునే ఇచ్చావా అమ్మా రక్తం? మాత్రలేమైనా వాడుతున్నావా?" అని అడిగారు. పరగడుపునే ఇచ్చింది. నెలసరి కోసం వేరేచోట రాసిన ఈస్ట్రోజెన్ మాత్రలు ఇంకా మొదలుపెట్టలేదు. అవి ట్రైగ్లిజరైడ్స్‌ను ఇంకాస్త పెంచగలవు కాబట్టి కొన్నాళ్లు ఆగమన్నారు. ఈలోగా నెలసరి మరీ ఆలస్యమైతే ప్రొజెస్టిరోన్ మాత్ర ఇస్తామన్నారు.

తర్వాత రిపోర్టు తిరగేసి, వెనక బొమ్మ గీశారు. ఈ సమస్యలో చాలామందికి ఇన్సులిన్ మాట ఒంట్లోని కొవ్వు వినదు. నిల్వ కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. కాలేయం దాన్ని ట్రైగ్లిజరైడ్స్ మూటలుగా కట్టి రక్తంలోకి వదులుతుంది. ఆ మూటలు దారిలో హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్ కణాలకు తమ సరుకిచ్చి, బదులుగా కొలెస్ట్రాల్ తీసుకుంటాయి. ఆ సరుకు ఎక్కిన హెచ్‌డీఎల్ త్వరగా రక్తంలోంచి తొలగిపోతుంది, ఎల్‌డీఎల్ చిన్నదై చిక్కబడుతుంది. ఎల్‌డీఎల్ అంకె మామూలుగా కనిపిస్తూనే, లోపల కణాల సంఖ్య ఎక్కువగా ఉండొచ్చు.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత వేసిన లెక్క. 190లోంచి 36 తీసేస్తే 154. మంచి కొలెస్ట్రాల్ పోగా మిగిలిన సరుకంతా అదే. "మనం చూసుకోవాల్సింది దీన్నే" అన్నారు.

స్టాటిన్ రాయలేదు. ఈ వయసులో, ఈ అంకెకు అవసరం లేదన్నారు. పైగా పిల్లల్ని కనాలనుకున్నప్పుడు దాన్ని ఆపాల్సి వస్తుంది. ఇన్సులిన్ కోసం మెట్‌ఫార్మిన్ రాశారు గానీ, లిపిడ్ల మీద దాని ప్రభావం కొద్దిపాటిదేనని ముందే చెప్పారు. అసలు పని తిండిదీ నడకదీ. రాత్రి అన్నం సగానికి తగ్గించి పప్పూ కూరా పెంచడం, జ్యూసులు మానడం, వారానికి ఐదు రోజులు 40 నిమిషాల నడక.

నాలుగు నెలలకు బరువు 72 కిలోల నుంచి 68కి దిగింది. కొత్త రిపోర్టులో మొత్తం 180, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్స్ 150. లెక్కకట్టిన ఎల్‌డీఎల్ మాత్రం అప్పుడూ 110, ఇప్పుడూ 110. పిల్ల ముఖం చిన్నబోయింది. డాక్టరమ్మ మళ్లీ తీసివేత వేశారు: 140. తగ్గిన 14 కాలేయం కట్టిన మూటల వాటా!

పీసీఓఎస్ అని తేలిన ప్రతి మహిళకూ, సన్నగా ఉన్నా సరే, వయసుతో పనిలేకుండా లిపిడ్ పరీక్ష చేయించాలని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ ఇంట్లో స్కాను రిపోర్టు ఒక్కటే ఉంటే, ఇదీ అడిగి రాయించుకోండి.