తెల్ల సీసాలోని నూనె లెక్క

ఎల్లారెడ్డిపేటలో ఎవరికైనా ఊపిరాడక ప్రాణం మీదికొస్తే బండి ముందు సిరిసిల్ల వైపు తిరుగుతుంది. కోరుట్ల వాళ్లకైతే జగిత్యాల. అక్కడ కుదరకపోతే కరీంనగర్, ఆపైన హైదరాబాద్. ఏ ఊరి ఐసీయూ అయినా, వెంటిలేటర్ మీదున్న మనిషి ఇంటివాళ్లు రెండో రోజుకల్లా అడిగేది ఒకటే: “సారూ, మా నాయనకు తిండి ఎట్ల? రాగి జావ కాచి తెస్తే పైపుల పోస్తరా?”

తప్పుపట్టాల్సిన ప్రశ్న కాదది. కానీ జావతో ఎందుకు కుదరదో ఒక్క అంకె చెబుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగిపిండిలో ప్రోటీన్ దాదాపు 7 గ్రాములే. వెంటిలేటర్ మీదున్న 60 కిలోల మనిషికి రోజుకు 78 గ్రాముల ప్రోటీన్ కావాలనుకుంటే, రాగి ఒక్కదానితోనే ఇవ్వాలంటే కిలోకు పైగా పిండి పట్టాలి. ముక్కులోంచి కడుపులోకి దిగే రైల్స్ ట్యూబ్‌లో జారాలంటే జావ పలచగా ఉండాలి, పలచనైతే బలం ఉండదు. అందుకే లీటరుకు ఎన్ని కేలరీలో, ఎంత ప్రోటీనో ముందే తెలిసిన ఫార్ములా ఫీడ్ వాడతారు.

ఆ మంచం పక్కనే సిరంజి పంపులో పాలలాంటి తెల్లటి మందు ఒకటి కనిపిస్తుంది. “అది పాలేనా సారూ?” అని అడిగేవాళ్లున్నారు. పాలు కాదు కానీ అందులో కొవ్వు మాత్రం నిజంగానే ఉంది. అది ప్రొపోఫాల్, రోగిని మత్తులో ఉంచే మందు. నీళ్లలో కరగదు. తొలి ప్రయోగాల్లో వేరే ద్రావకంలో కలిపితే కొందరికి తీవ్రమైన అలర్జీ వచ్చింది. దాంతో సోయా నూనెను గుడ్డు లెసిథిన్‌తో చిలికిన ద్రవంలో కలిపి, 1986లో బ్రిటన్‌లో మార్కెట్‌లోకి తెచ్చారు. అలా మత్తుమందుతో పాటు నూనె కూడా రోగి నరంలోకి ఎక్కుతోంది. ఒక్కో మిల్లీలీటరుకు 1.1 కేలరీలు.

ఇది ఎంత తేడా తెస్తుందో ఒక మనిషిని ఊహించుకుని చూద్దాం. మరమగ్గం నడిపే 52 ఏళ్ల కార్మికుడు. వారం రోజులు జ్వరం, తిండి సహించలేదు, న్యుమోనియా ముదిరి వెంటిలేటర్ మీదికొచ్చాడు. బరువు 60 కిలోలని భార్య చెప్పింది. ఆ మాటకే విలువ ఎక్కువ. ఎందుకంటే సెలైన్లు ఎక్కి ఒళ్లు ఉబ్బాక తూచితే వచ్చే అంకె నీళ్లది, కండది కాదు. ప్రొపోఫాల్ 1 శాతం మందు గంటకు 15 మి.లీ. చొప్పున నడుస్తోంది. రోజుకు 360 మి.లీ., అంటే 396 కేలరీలు, దాదాపు అంతా కొవ్వే. ప్రోటీన్ సున్నా.

నాలుగో రోజుకు బీపీ కుదుటపడింది. కిలోకు 25 చొప్పున 1500 కేలరీలు, కిలోకు 1.3 గ్రాముల చొప్పున 78 గ్రాముల ప్రోటీన్ ఇవ్వాలనుకున్నాం. మిల్లీలీటరుకు ఒక కేలరీ, లీటరుకు 40 గ్రాముల ప్రోటీన్ ఉన్న మామూలు ఫీడ్ తీసుకుని గంటకు 62 మి.లీ. పెట్టేశామనుకోండి. ఫీడ్ ఒక్కటే దాదాపు 1490 కేలరీలు ఇస్తుంది, దానికి 396 తోడవుతుంది. కిలోకు 31 దాటింది. ఎక్కువైన కేలరీలతో ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ పుడుతుంది. అలసిన ఊపిరితిత్తులు దాన్ని కూడా బయటికి నెట్టాలి. షుగర్ పెరుగుతుంది, ట్యూబ్ తీసే రోజు వెనక్కి జరుగుతుంది.

ఇది గమనించిన వాళ్లు 1500లోంచి 396 తీసేసి ఫీడ్‌ను 1104 మి.లీ.కి తగ్గిస్తారు. కేలరీలు సరిపోయాయి. అసలు బోల్తా పడేది ఇక్కడే. ఆ 1104 మి.లీ.లో ప్రోటీన్ 44 గ్రాములే, కావలసిన దానిలో సగానికి కాస్త ఎక్కువ. నూనె తెచ్చిన కేలరీలకు చోటివ్వబోయి ప్రోటీన్‌ను బయటికి తోసేశాం. కాబట్టి తీసివేత చేశాక ఆగకూడదు, ప్రోటీన్ లెక్క మళ్లీ వేయాలి. ఫార్ములా ఎంపిక తేలేది కూడా అక్కడే.

అదే మనిషికి లీటరుకు 62 గ్రాముల ప్రోటీన్ ఉన్న ఫీడ్ తీసుకుని, గంటకు 44 మి.లీ. నడిపితే రోజుకు 1056 కేలరీలు, 65 గ్రాముల ప్రోటీన్ అందుతాయి. 80 శాతం ప్రోటీన్ ఉన్న వే పొడి 15 గ్రాములు కలిపితే ఇంకో 12 గ్రాములు, దాదాపు 60 కేలరీలు. ప్రొపోఫాల్‌తో కలిపి మొత్తం 1512 కేలరీలు, ప్రోటీన్ 77 గ్రాములు. ప్రోటీన్ మంచిదని ఇష్టం వచ్చినట్టు పెంచితే మాత్రం మేలు కనబడలేదు. కిలోకు 2.2 గ్రాములకు పైగా ఇచ్చి చూసిన పెద్ద పరిశోధన 2023లో వెలువడింది. అందులో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు హాని జరిగిన సూచనలే కనిపించాయి.

కాగితం మీద 44 అని రాసినంత మాత్రాన కడుపులోకి 44 వెళ్లదు. స్కానింగ్‌కు తీసుకెళ్లినప్పుడు, గొంతు ట్యూబ్ మార్చేటప్పుడు ఫీడ్ ఆపుతారు, మళ్లీ మొదలుపెట్టడం మరిచిపోతారు. రోజుకు నాలుగు గంటలు ఇలా పోతాయనుకుంటే గంటకు 53 పెట్టుకోవాలి. పంపు లేని చోట రెండు గంటలకోసారి 88 మి.లీ. చొప్పున పోయవచ్చు. పొడి కలిపిన ఫీడ్‌ను మన ఎండల్లో నాలుగు గంటలకు మించి సంచిలో వేలాడదీస్తే సూక్ష్మజీవులు పెరుగుతాయి, విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడు నింద ఫార్ములా మీద పడుతుంది, తప్పేమో సంచిది.

ఇదంతా నాలుగో రోజు మాట. మొదటి మూడు రోజులు ఇంత ఇవ్వకూడదు. ఆ దశలో ఒంట్లో నిల్వ ఉన్న శక్తి తనంతట తానే కరిగి రక్తంలోకి వస్తుంటుంది, బయటి నుంచి పోసినా ఆ కరగడం ఆగదు. లక్ష్యంలో 70 శాతం, అంటే 1050 చాలు. దానిలోంచి ప్రొపోఫాల్‌వి తీసేస్తే గంటకు 27 మి.లీ. ఫీడే మిగులుతుంది. బీపీ నిలపడానికి నార్‌అడ్రినలిన్ పెంచుతూ పోతుంటే అది కూడా వద్దు. పైగా ఈయన వారం పస్తున్నాడు. ఫీడ్ మొదలయ్యాక రక్తంలో ఫాస్ఫరస్ 2 మి.గ్రా. కంటే కిందికి జారితే, పస్తు శరీరం మీద తిండి విరుచుకుపడిందని అర్థం. అప్పుడు ఫాస్ఫరస్, థయమిన్ ఇస్తూ రెండు రోజులు ఫీడ్ తగ్గించే ఉంచాలి. ఈ పరీక్ష రాయని చోట ఎన్ని లెక్కలు వేసినా లాభం లేదని నా అభిప్రాయం.

నూనె ఎక్కువైందని రక్తమే చెబుతుంది. తీసిన శాంపిల్ పాలు కలిపినట్టు మసకగా కనబడితే ట్రైగ్లిజరైడ్లు చూడాలి. 400 దాటితే ప్రొపోఫాల్ తగ్గించడమో, మిడజోలమ్‌లాంటి మందుకు మారడమో చేస్తారు. 2 శాతం ప్రొపోఫాల్ దొరికితే అదే మత్తుకు సగం మిల్లీలీటర్లే పడతాయి, నూనె కూడా సగమే. అందుకే లెక్క మిల్లీగ్రాముల్లో కాదు, మిల్లీలీటర్లలో వేయాలి.

ఆరో రోజు ఉదయం ఊపిరి మెరుగై ప్రొపోఫాల్ ఆపారు. సిరంజి ఖాళీ అయిన క్షణంలోనే 396 కేలరీలు మాయమయ్యాయి. ఫీడ్ మాత్రం 44 దగ్గరే ఉండిపోతే కిలోకు 19 కూడా అందవు. ఇలా మరిచిపోవడమే ఎక్కువ జరుగుతుంది, ఎందుకంటే ఆ పూట అందరి చూపూ వెంటిలేటర్ తెర మీదే ఉంటుంది. ఫీడ్‌ను గంటకు 60కి పెంచితే 1440 కేలరీలు, 89 గ్రాముల ప్రోటీన్ వస్తాయి. వే పొడి ఆపేయవచ్చు. రాత్రికి మళ్లీ మత్తు మొదలైతే మళ్లీ తగ్గించాలి. పెద్దాసుపత్రికి పంపేటప్పుడు రాసే చీటీలో ప్రొపోఫాల్ శాతం, గంటకు ఎన్ని మి.లీ., ఫీడ్ పేరు, వేగం, చివరిసారి ఎప్పుడు ఆపారో రాస్తే అవతలి సిస్టర్ లెక్క మొదటి నుంచి వేసుకోనక్కర్లేదు.

ఆయన భార్య ఫ్లాస్కులో తెచ్చిన జావ ఆ పూట కూడా వార్డు బయటే ఉంది. ట్యూబ్ తీశాక మింగగలడో లేదో చూసి, చెంచాతో తాగించవచ్చని సిస్టర్ చెప్పింది.