ఎర్ర గచ్చు పక్కన బూడిద రంగు

మిరప కోతల కాలంలో గుంటూరు పల్లెల్లోని సిమెంటు కల్లాల మీద కాయలు ఎండుతుంటాయి. ఎర్రటి కాయల మధ్య సందుల్లో కనబడే సిమెంటును కాసేపు తేరిపార చూడండి. దానికి నీలం కలిసిన ఆకుపచ్చ ఛాయ పట్టినట్టుంటుంది. నాలుగడుగులు పక్కకు జరిగి ఖాళీ నేలను చూస్తే అది మామూలు బూడిద రంగే. సిమెంటు మారలేదు, దాని పొరుగు మారింది.

ఇళ్ళలో బూడిద రంగు ఇబ్బంది పెట్టేదీ ఇందుకే. షాపులో చక్కగా కనిపించిన రంగు ఎర్ర గచ్చు ఉన్న హాల్లో నీలంగా, పసుపు రాసిన గడప పక్కన ఊదాగా తేలుతుంది. దీన్ని క్రమపద్ధతిలో పరిశీలించిన వాడు మిషెల్ షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. పారిస్‌లోని గోబ్లాఁ నేత కార్ఖానాలో అద్దకాల విభాగానికి ఆయన అధిపతి. నల్ల నూలు వెలవెలబోతోందన్న ఫిర్యాదు వస్తే పరీక్షించి, లోపం అద్దకంలో లేదని, పక్కన పడిన నీలం, ఊదా నూలు వల్ల నలుపు అలా కనిపిస్తోందని తేల్చాడు. 1839లో అచ్చైన ఆయన పుస్తకం చెప్పే సూత్రం సులువైనదే. ప్రతి రంగూ తన పక్కనున్న దాన్ని తనకు ఎదురు రంగు వైపు నెడుతుంది. ఎరుపు పక్కన బూడిద రంగు నీలి ఆకుపచ్చకు, నారింజ పక్కన నీలానికి, పసుపు పక్కన ఊదాకు, ఆకుపచ్చ పక్కన గులాబీకి మొగ్గుతుంది. బూడిద రంగుకు సొంత బలం లేదు కాబట్టి ఆ నెట్టుడు దానిలోనే ఎక్కువగా బయటపడుతుంది.

మన పాత ఇళ్ళలో పొరుగు రంగులు ఏవో చూడండి. నేల ఎర్ర ఆక్సైడ్ గచ్చు, తలుపులు నారింజ ఛాయ ఉన్న టేకు, గడపకు పసుపు. మూడూ వేడి రంగులే. ఈ ఇంట్లో ఏ ఛాయా లేని అచ్చమైన బూడిద రంగు వేసినా అది చల్లగా, నీలంగానే కనిపిస్తుంది. అందుకే ఇక్కడ గోడ రంగుకు ముందే కొంచెం మట్టి ఛాయ ఇవ్వాలి. పొరుగు ఏ రంగైతే బూడిదను ఆ రంగు వైపు ఒక్క పిసరు వంచాలి. అప్పుడు నెట్టుడుకు తట్టుకుని అది మధ్యలో నిలబడుతుంది.

ఆ వంపు మన చేతిలో ఉండే పద్ధతి సున్నం. పిడుగురాళ్ళ బట్టీల పుణ్యమా అని ఈ ప్రాంతానికి సున్నం కొత్త కాదు. వెల్ల వేయడానికి కిలో రాతి సున్నానికి దాదాపు ఐదు లీటర్ల నీళ్ళు పోసి, ఒక రోజు నాననిచ్చి, గుడ్డలో వడగట్టి, వేడినీళ్ళలో కరిగించిన బంక కలుపుతారు. ఆఖరున నీలిమందు వేస్తారు. తెలుపు పసుపు తిరిగినట్టు కనబడకుండా కిలో సున్నానికి మూడు గ్రాముల దాకా నీలం వేయడం వాడుక. తెల్ల గోడకు ఇది మేలే. బూడిద రంగుకు మాత్రం తొలి దెబ్బ ఇక్కడే తగులుతుంది. నీలం వేసిన వెల్లలోనే నలుపు కలిపితే గోడ నీలం కాక ఇంకేమవుతుంది? కాబట్టి రంగు కోసం తీసే సున్నంలో నీలిమందు పడకూడదు. నలుపు కూడా దీపం మసి అయితే తెలుపులో కలిసినప్పుడు నీలి ఛాయే ఇస్తుంది. నల్ల ఆక్సైడ్ పొడి దానికంటే నయం.

నీలం ఎక్కువైందని తెలియగానే చాలామంది పసుపు ఆక్సైడ్ కలుపుతారు. గోడ ఆకుపచ్చకు తిరుగుతుంది. నీలానికి పసుపు తోడైతే వచ్చేది ఆకుపచ్చే. నీలానికి విరుగుడు నారింజ, అంటే పసుపుతో పాటు కొంచెం ఎరుపు కూడా పడాలి. ఎరుపు ఒక్కటే వేస్తే గోడ ఊదాకు పోతుంది.

ఒక హాలు తీసుకుందాం. ఎర్ర గచ్చు, టేకు తలుపులు, ఉత్తరం వైపు కిటికీ. మూడు ఆక్సైడ్ పొడులను విడివిడిగా నీళ్ళతో ముద్దలా కలిపి ఉంచండి. నీలిమందు లేని సున్నంలో నల్ల ముద్ద పది చెంచాలు పడితే పసుపు రెండు, ఎరుపు అర చెంచాతో మొదలుపెట్టండి. పొడుల బలం ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది కనుక ఇది ఆరంభమే, లెక్క కాదు. మూడు ఆక్సైడ్ పొడుల మొత్తం బరువును సున్నం బరువులో పదో వంతు దాటనివ్వకండి, దాటితే ఆరాక చేతికి అంటుకుంటుంది. మూడు నమూనాలు చేయండి: ఒకటి ఇలాగే, ఒకటి ఎరుపు కాస్త పెంచి, ఒకటి పసుపు కాస్త పెంచి. రెండడుగుల చదరాలుగా తలుపు పక్కన ఒకసారి, గచ్చును ఆనుకుని ఒకసారి పూయండి. తడి సున్నం ముదురుగా ఉండి ఆరాక తెల్లబడుతుంది కాబట్టి మరుసటి రోజు దాకా తీర్పు చెప్పవద్దు.

ఆరిన చదరం నీలంగా ఉంటే కారణం మూడింట్లో ఏదో ఒకటి. ఒక అట్టముక్కకు చిన్న రంధ్రం చేసి, గోడ ఒక్కటే కనబడేలా అందులోంచి చూడండి. నీలం పోతే తప్పు పొరుగు రంగుది. పోకపోతే పక్కన తెల్ల కాగితం పెట్టండి. కాగితం కూడా నీలంగా ఉంటే ఉత్తరపు ఆకాశపు వెలుగు కారణం, గోడ ఒక్కటే నీలంగా ఉంటే కలిపిన రంగు కారణం. రాత్రి కూడా చూడాలి. దీపం పెట్టె మీద 6500 అని ఉంటే నీలి వెలుగు, 3000 అని ఉంటే పసుపు వెలుగు. గోడ ఎంపిక, దీపం ఎంపిక ఒకేసారి జరగాలి.

గోడ కింది భాగాన్ని ప్రత్యేకంగా గమనించాలి. గచ్చు మీద పడిన ఎండ గోడ అడుగుకు ఎర్ర వెలుగును చిమ్ముతుంది. పైన నీలంగా ఉన్న గోడ అక్కడ ఊదాగా మారడానికి కారణం అదే. ఎర్ర గచ్చు చుట్టూ పాతవాళ్ళు తీసిన నల్ల ఆక్సైడ్ పట్టీ ఇక్కడ అందంతో పాటు పని కూడా చేస్తుంది. రెండు రంగులూ నేరుగా తగలకుండా మధ్యలో ఎడం ఉంటే ఒకదాన్నొకటి నెట్టుకోవడం తగ్గుతుంది.

నేలకే బూడిద రంగు కావాలంటే కలపడం మన చేతిలో లేదు, ఏరుకోవడమే. అమరావతి శిల్పాలు చెక్కిన పల్నాటి సున్నపురాయిలో లేత ఆకుపచ్చ ఛాయ ఉంది. ఆ జాతి రాయి పరిచిన గదిలో ఎర్ర రంగు సామాను పెడితే ఆ ఆకుపచ్చ ఇంకా పైకి తేలుతుంది. ఒంగోలు వైపు దొరికే స్టీల్ గ్రే గ్రానైట్‌ది వేరే తంతు. పాలిష్ పట్టిన ముదురు రాయి కిటికీలోంచి ఆకాశాన్ని ప్రతిబింబించి పగలు నీలంగా కనబడుతుంది. పాలిష్ లేని ముక్కను పక్కన పెట్టి చూస్తే ఆ నీలం రాయిదా, ఆకాశానిదా అన్నది తేలిపోతుంది. పలకను యార్డులో నిలబెట్టి కాకుండా ఇంటికి తెచ్చి, పరచబోయే చోటే పడుకోబెట్టి, పొద్దున్నా సాయంత్రమూ చూడాలి.

ఎంత జాగ్రత్తపడ్డా రోజంతా ఒకేలా కనిపించే బూడిద రంగు ఉండదు. ఏ వేళకు ఇంట్లో ఎక్కువసేపు ఉంటామో ఆ వేళకు సరిపోతే చాలు. వేసిన రాయిని మార్చడం కష్టం, సున్నం అలా కాదు. సంక్రాంతికి మళ్ళీ వెల్ల వేసేటప్పుడు ఎరుపు పావు చెంచా పెంచాలా, తగ్గించాలా అన్నది ఈ ఏడాది గోడే చెబుతుంది. అందుకు కలిపిన చెంచాల లెక్క ఒక కాగితం మీద రాసి దాచుకోండి.