ఏడు రోజులు, రెండు లెక్కలు

ఒక మందుల స్టాకిస్టు పాత ఆర్డర్ సాఫ్ట్‌వేర్ వదిలి కొత్తదానికి మారే ముందు, కనీసం ఒక వారం రెండింటినీ పక్కపక్కన నడిపించడాన్ని ప్యారలల్ రన్ అంటారు. వచ్చిన ప్రతి ఆర్డరూ రెండింటిలోనూ ఎక్కుతుంది. రోజు ముగిశాక రెండింటి మొత్తాలనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా వస్తే దాని కారణం తేలేదాకా వెతుకుతారు. వారమే ఎందుకంటే ఈ వ్యాపారానికి వారంలో ఒక చక్రం ఉంటుంది. ఆదివారం సెలవు తర్వాత సోమవారం ఆర్డర్లు ఎక్కువ. ఒక్కో రూటుకు ఒక్కో రోజు సరుకు వెళుతుంది. ఏ రెండు రోజులో చూస్తే ఆ చక్రంలో కొంత భాగమే కనిపిస్తుంది.

మొదలుపెట్టేముందు తేల్చుకోవలసింది ఏ సాఫ్ట్‌వేర్ మాట చెల్లుతుందన్నది. ఆ వారమంతా బిల్లు ఇచ్చేదీ, స్టాకు తగ్గించేదీ, షాపులకు మెసేజ్ పంపేదీ పాతదే. కొత్తది అదే పని లోపల చేస్తుంది కానీ దాని కాగితం గోడౌన్ దాటకూడదు. ఏడాది టర్నోవరు రూ. 5 కోట్లు దాటిన వ్యాపారాలకు 2023 ఆగస్టు 1 నుంచి ఇ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. కొత్త సాఫ్ట్‌వేర్‌ను అసలు పోర్టల్‌కే కలిపి, దాని బిల్లు నంబర్ల వరుస వేరుగా ఉంటే, ఒకే అమ్మకానికి రెండు ఐఆర్ఎన్‌లు పుట్టి జీఎస్టీ రిటర్నులో అమ్మకం రెండుసార్లు పడుతుంది. పోర్టల్లో ఐఆర్ఎన్ రద్దు చేయడానికి ఉండేది 24 గంటలే. అందుకే ఆ వారం కొత్తదాన్ని ప్రయోగాల కోసం ఉన్న పోర్టల్‌కే కలుపుతారు.

రెండోది, ఆర్డర్ ఎక్కించే తీరు. యాప్‌లో వచ్చిన ఆర్డర్లు వాటంతటవే రెండింటికీ వెళతాయి. ఫోనులోనూ చీటీ మీదా వచ్చినవాటిని మనుషులే రెండుసార్లు కొట్టాలి. రెండోసారి కొట్టేవాళ్లు అసలు చీటీ చూసి కొట్టాలి తప్ప పాత సాఫ్ట్‌వేర్ ప్రింటు చూసి కాదు. ప్రింటు చూసి కొడితే పాతదానిలో పడ్డ తప్పు కొత్తదానిలోకీ దిగుతుంది. అప్పుడు రెండు మొత్తాలూ చక్కగా కలుస్తాయి, రెండూ తప్పే అవుతాయి. మొదటిరోజు పొద్దున్నే పెండింగ్ ఆర్డర్లూ, ఐటమ్ వారీ స్టాకూ రెండింటిలో ఒకటేనని సరిచూడాలి. అది చేయకపోతే ఆ తేడా వారమంతా వెంటాడుతుంది.

రోజు చివర పోల్చేది డబ్బు మొత్తం ఒక్కటే అయితే చాలదు. ఆర్డర్ల సంఖ్య, స్ట్రిప్పులూ బాటిళ్లూ కలిపి యూనిట్ల సంఖ్య, పన్నుకు ముందు విలువ, పన్ను, ఈ నాలుగూ విడివిడిగా కావాలి. ఒక్కో అంకె ఒక్కో రకం తప్పును పట్టిస్తుంది. అదెలాగో ఒక ఊహా ఉదాహరణలో చూడవచ్చు.

విజయవాడలో ఒక స్టాకిస్టు సోమవారం లెక్క కట్టాడనుకుందాం. పాతదానిలో 212 ఆర్డర్లు, విలువ రూ. 6,48,300. కొత్తదానిలో 209 ఆర్డర్లు, విలువ రూ. 6,39,850. మూడు ఆర్డర్లు, రూ. 8,450 తక్కువ. చూడగానే మూడు ఆర్డర్లు ఎక్కించడం మరిచిపోయారనిపిస్తుంది. ఆ ఊహతోనే వెతకడం మొదలుపెడితే ఆ మూడూ ఎప్పటికీ దొరకవు. రెండు జాబితాలనూ ఆర్డర్ నంబరుతో జత చేయాలి. అప్పుడు కలవని ఆర్డర్లు మూడు కుప్పలవుతాయి: పాతదానిలోనే ఉన్నవి, కొత్తదానిలోనే ఉన్నవి, రెండింటిలో ఉన్నా విలువ వేరైనవి.

ఇక్కడ పాతదానిలోనే ఉన్నవి ఏడు, విలువ రూ. 18,900. కొత్తదానిలోనే ఉన్నవి నాలుగు, విలువ రూ. 10,450. అంటే కనిపించిన తేడా మూడైనా, చోటు మారిన ఆర్డర్లు పదకొండు. వాటి పక్కనున్న సమయం చూస్తే అన్నీ అర్ధరాత్రి పన్నెండుకూ తెల్లవారుజామున అయిదున్నరకూ మధ్యవే. మెడికల్ షాపులవాళ్లు రాత్రి షట్టరు దించి, లెక్క చూసుకుని, పడుకునేముందు యాప్‌లో ఆర్డర్ పెడుతుంటారు. కొత్త సాఫ్ట్‌వేర్ రిపోర్టు రోజును భారత సమయంతో కాక యూటీసీ సమయంతో కోస్తోంది. రెండింటికీ తేడా అయిదున్నర గంటలు. సోమవారం తెల్లవారుజామున వచ్చిన ఏడు ఆర్డర్లు ఆదివారం ఖాతాలో పడ్డాయి, మంగళవారం తెల్లవారుజామున వచ్చిన నాలుగు సోమవారంలోకి వచ్చాయి.

ఈ తప్పుకు గుర్తు ఒకటుంది. రోజువారీ మొత్తాలు కలవవు కానీ వారం మొత్తం దాదాపు కలిసిపోతుంది, ఎందుకంటే ఒక రోజు పోయింది పక్కరోజులో దొరుకుతుంది. వారాంతంలో ఒక్కసారే చూసేవాళ్లకు ఇది కనపడకపోవచ్చు. నెలాఖరున మాత్రం 31వ తేదీ అర్ధరాత్రి దాటాక పడ్డ అమ్మకం ఏ నెలకు చెందుతుందన్న ప్రశ్నగా వచ్చి కూర్చుంటుంది. ప్రతిరోజూ పోల్చమనేది ఇందుకే. సెట్టింగు సరిచేశాక సోమవారం ఆర్డర్లను మళ్లీ నడిపి, రెండు జాబితాలూ ఈసారి కలిశాయని చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పు చేసినా అంతకుముందు రోజుల లెక్కలూ తిరిగి చూడాలి. ఒకచోట సరిచేసింది మరోచోట కదిలించి ఉండవచ్చు.

మంగళవారం ఆర్డర్లు కలిశాయి, విలువ కలిసింది, పన్ను మాత్రం 38 పైసలు తేడా. ఇంత చిన్నదాన్ని వదిలేయవచ్చా అన్న ప్రశ్నకు జవాబు, కారణం తెలిస్తేనే వదిలేయవచ్చు. ఒక బిల్లులో రూ. 33.30 చొప్పున మూడు ఐటమ్‌లు, అన్నిటికీ 5 శాతం జీఎస్టీ అనుకుందాం. రాష్ట్రంలోపలి అమ్మకం కనుక సీజీఎస్టీ 2.5, ఎస్జీఎస్టీ 2.5. పాత సాఫ్ట్‌వేర్ బిల్లు మొత్తం రూ. 99.90 మీద ఒక్కసారి కడుతుంది: ఒక్కో పన్ను రూ. 2.50, రెండూ కలిపి రూ. 5.00. కొత్తది లైను లైనుకూ కట్టి పైసాకు సరిచేస్తుంది: లైనుకు 83 పైసలు, మూడు లైన్లకు రూ. 2.49, రెండు పన్నులూ కలిపి రూ. 4.98. బిల్లుకు రెండు పైసల తేడా. ఇందులో ఎవరి లెక్కా తప్పు కాదు, పద్ధతి వేరు.

రౌండింగ్ తేడాకు హద్దు ముందే చెప్పవచ్చు. పైసాకు సరిచేసినప్పుడు లైనుకు ఒక్కో పన్ను మీద వచ్చే తేడా అర పైసా దాటదు. కాబట్టి రెండు పన్నులూ కలిపి బిల్లు తేడా దానిలోని లైన్లన్ని పైసలకు, పైన ఒక పైసాకు మించదు. పది లైన్ల బిల్లులో 40 పైసల తేడా వస్తే అది రౌండింగ్ కాదు. ఇంకో గుర్తు కూడా ఉంది. కొన్ని బిల్లుల్లో ఎక్కువ, కొన్నింటిలో తక్కువ వచ్చి రోజు మొత్తంలో చాలావరకు కొట్టుకుపోవాలి. అలా కాక ప్రతిరోజూ ఒకేవైపు పెరుగుతూ ఉంటే, ఎక్కడో సరిచేయడానికి బదులు పైసా తర్వాతి అంకెలను కోసేస్తున్నారని అర్థం. రోజుకు 1,870 లైన్లుంటే అలాంటి కోత దాదాపు రూ. 18 అవుతుంది. పన్నుకు ముందు విలువ కలిసి, పన్ను పెద్ద మొత్తంలో తేడా వస్తే అది వేరే కథ: ఏదో మందును తప్పు పన్ను రేటులో పెట్టారు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందులకు రేటు 5 శాతానికి తగ్గింది, కొన్ని ప్రాణరక్షక మందులకు సున్నా అయింది. పాత రేట్ల జాబితాను కొత్తదానిలోకి ఎక్కించి ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

గురువారం లెక్క అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది. ఆర్డర్లు రెండింటిలో 205, విలువా పన్నూ పైసాతో సహా ఒకటే. డబ్బు మాత్రమే చూసేవాళ్లు అక్కడితో ఆపేస్తారు. యూనిట్లు చూస్తే పాతదానిలో 9,640, కొత్తదానిలో 9,522. తేడా 118. మందుల వ్యాపారంలో పదికి ఒకటి ఫ్రీ అనే స్కీములు మామూలు. షాపువాళ్లు 20 స్ట్రిప్పులు అడిగితే బిల్లు 20కే పడుతుంది, పెట్టెలో 22 వెళతాయి. పాత సాఫ్ట్‌వేర్ ఆ రెండు అదనపు స్ట్రిప్పులనూ ఫ్రీ కాలమ్‌లో రాసి స్టాకులోంచి తీసేస్తుంది. కొత్తదానిలో ఆ కాలమ్‌ను స్టాకుకు కలపలేదు. ఫ్రీ సరుకు విలువ సున్నా కనుక ఏ డబ్బు మొత్తమూ దీన్ని పట్టించదు. కానీ కొత్తదానికి మారిన నాటినుంచి గోడౌన్‌లో లేని సరుకు తెర మీద ఉన్నట్టు కనిపిస్తూ పోతుంది. ఇవ్వలేని ఆర్డర్లు ఒప్పుకుంటారు, స్కీము కింద ఇచ్చిన సరుకుకు కంపెనీ నుంచి రావలసిన క్లెయిమూ తగ్గిపోతుంది.

శుక్ర, శనివారాల్లో మిగిలేవి సాధారణంగా రద్దయిన ఆర్డర్లు. పాతది వాటిని తుడిచేస్తుంది, కొత్తది రద్దు ముద్రతో ఉంచుతుంది. విలువ ఒకటే, సంఖ్య వేరు. దీన్ని సరిచేయనక్కర్లేదు, రాసి పెట్టుకుంటే చాలు. అందుకోసం తేడాల పుస్తకం ఒకటి ఉండాలి. అందులో తేదీ, ఎంత తేడా, ఏయే ఆర్డర్లు, కారణం, ఏం చేశారు, ఎవరు ఒప్పుకున్నారు అన్నవి రాస్తారు. కారణం దగ్గర "సిస్టమ్ తేడా" అని రాస్తే అది కారణం కాదు. సరిపోల్చేవాళ్లు ఆర్డర్లు కొట్టేవాళ్లు కాకుండా వేరొకరైతే మంచిది. అంకె కలవనప్పుడు అంకెనే దిద్దేయాలన్న ఒత్తిడి కొట్టినవాళ్ల మీద ఎక్కువ.

వారం చివర కొత్తదానికి మారవచ్చా లేదా అన్నది తేడా సున్నా అయిందా అన్నదాన్నిబట్టి కాదు, కారణం తేలని తేడా ఉందా అన్నదాన్నిబట్టి తేల్చాలి. చివరి రెండు రోజులూ కారణం తేలని ఆర్డరు ఒక్కటి కూడా లేకుండా గడిస్తే మారవచ్చు. శనివారం కూడా కొత్త రకం తేడా బయటపడితే ఇంకో వారం నడపాలి. రెండుసార్లు కొట్టే శ్రమ నిజమే, కానీ మారిన తర్వాత అదే తప్పును షాపుల చేతిలో ఉన్న బిల్లుల్లో దిద్దాలంటే ప్రతిదానికీ క్రెడిట్ నోటో డెబిట్ నోటో రాయాలి.

ఒక వారం చూపించలేనివీ ఉన్నాయి. నెలాఖరు రిటర్నులు, ఎక్స్‌పైరీ వాపసులు, కంపెనీ క్లెయిములు, ఏప్రిల్ 1న మారే బిల్లు నంబర్ల వరుస ఆ ఏడు రోజుల్లో రాకపోవచ్చు. వీటికి గడిచిన ఒక నెల ఆర్డర్లనూ వాపసులనూ కొత్తదానిలో నడిపి, అప్పట్లో దాఖలు చేసిన రిటర్నుతో పోల్చడమే మార్గం.

మారడానికి శనివారం రాత్రి అనువైనది. ఆఖరి బిల్లు పాతదానిలో వేసి, స్టాకు లెక్కపెట్టి, పెండింగ్ ఆర్డర్లు కొత్తదానిలోకి ఎక్కించి, పాతదాన్ని చూడటానికి మాత్రమే వీలుండేలా మూసేస్తారు. జీఎస్టీ నిబంధనల ప్రకారం బిల్లు నంబరు 16 అక్షరాలు మించకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. కనుక కొత్త వరుసకు వేరే ముందక్షరాలు పెడతారు. కొత్తదానిలో మొదటి అసలు బిల్లు పడిన క్షణం నుంచి వెనక్కి వెళ్లడమంటే ఆ తర్వాతి ప్రతి బిల్లునూ పాతదానిలో మళ్లీ కొట్టడమే. ఎన్ని బిల్లులదాకా వెనక్కి వెళ్లవచ్చో, ఆ నిర్ణయం ఎవరిదో శనివారం రాత్రికి ముందే రాసి ఉంచాలి.