డబ్బా మారింది, గ్లాసు మారలేదు

కూకట్‌పల్లిలో ఉద్యోగం చేసే ఓ కుర్రాడు ఈ వారం ఈ కాలమిస్టు ముందు పెట్టిన ఫిర్యాదు ఇది. వే కాన్‌సెంట్రేట్ తాగితే అరగంటకల్లా పొట్ట ఉబ్బుతోంది, గ్యాస్ పడుతోంది. "లాక్టోజ్ పడట్లేదు అన్నా, ఐసొలేట్ తీసుకో" అన్నాడు దుకాణంలోని మనిషి. ఎక్కువ డబ్బు పోసి ఐసొలేట్ డబ్బా కొన్నాడు. నెల తిరిగింది, ఉబ్బరం మాత్రం పోలేదు. దేంట్లో కలుపుకుంటున్నావని అడిగితే, పాలల్లోనే అన్నాడు. "పాలతో తాగు తమ్ముడూ, ప్రొటీన్ ఇంకా పెరుగుద్ది" అని జిమ్ ట్రైనర్ చెప్పాడట.

ట్రైనర్ లెక్క తప్పు కాదు. మూడు వందల మిల్లీలీటర్ల పాలలో దాదాపు 10 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అయితే అదే గ్లాసులో సుమారు 14 గ్రాముల లాక్టోజ్ కూడా ఉంటుంది. కోపం తెప్పించేది ఇదే: లాక్టోజ్ పేరు చెప్పి ఖరీదైన డబ్బా చేతిలో పెట్టినవాళ్లెవరూ గ్లాసులో ఏముందని అడగలేదు.

పాలలోని ప్రొటీన్‌లో 80 శాతం కేసిన్, మిగతా 20 శాతం వే. పాలు విరిచి చీజ్ చేసినప్పుడు గడ్డకట్టేది కేసిన్, మిగిలిన తేటలో ఉండేది వే. ఆ తేటను సన్నని పొరల గుండా వడకట్టి, ఆరబెట్టి పొడి చేస్తారు. 80 శాతం ప్రొటీన్ దగ్గర ఆపితే మార్కెట్లో ఎక్కువగా దొరికే కాన్‌సెంట్రేట్. ఇంకా వడకట్టి లాక్టోజ్‌నీ కొవ్వునీ తీసేసి 90 శాతానికి చేరిస్తే ఐసొలేట్. ముప్పై గ్రాముల స్కూపు తీసుకుంటే కాన్‌సెంట్రేట్‌లో ప్రొటీన్ 24 గ్రాములకు కాస్త అటూఇటూ, లాక్టోజ్ రెండు గ్రాముల దగ్గర. ఐసొలేట్‌లో ప్రొటీన్ మూడు గ్రాములు ఎక్కువ, లాక్టోజ్ అర గ్రాములోపు.

ఇప్పుడు కుర్రాడి గ్లాసు చూద్దాం. పాలల్లో కాన్‌సెంట్రేట్ కలిపినప్పుడు మొత్తం లాక్టోజ్ 16 గ్రాములు. ఐసొలేట్‌కు మారాక 14 చిల్లర. లాక్టోజ్ సరిగా అరగని పెద్దవాళ్లలో కూడా చాలామంది ఒక్కసారికి 12 గ్రాముల వరకూ పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో చెప్పింది. కుర్రాడు ముందూ ఆ గీత దాటే ఉన్నాడు, తరవాతా దాటే ఉన్నాడు. అదే కాన్‌సెంట్రేట్‌ను నీళ్లలో కలిపి ఉంటే రెండు గ్రాములతో పోయేది.

తేల్చుకోవడానికి పెద్ద పరీక్షలేమీ అక్కర్లేదు. నాలుగైదు రోజులు కాన్‌సెంట్రేట్‌ను నీళ్లలోనే కలిపి, మిగతా తిండి మార్చకుండా తాగి చూడాలి. కడుపు కుదుటపడితే తప్పు పాలది. ఉబ్బరం అలాగే ఉంటే డబ్బా వెనక్కి తిప్పాలి. డబ్బా ముందువైపు కాదు, వెనకవైపు చదవాలన్నది ఈ కాలమ్ పాత పాట అని పాఠకులకు తెలుసు. అక్కడ ఇన్యులిన్, మాల్టిటాల్, సార్బిటాల్ లాంటి పేర్లుంటే గ్యాస్‌కు అవే కారణం కావచ్చు. లాక్టోజ్ దాదాపు పూర్తిగా తీసేసిన ఐసొలేట్‌లో కూడా ఇవి ఉండొచ్చు. ఇవేవీ లేని కాన్‌సెంట్రేట్, అదీ నీళ్లలో కలిపినది కూడా పడకపోతే, అప్పుడు ఐసొలేట్‌కు పెట్టే డబ్బుకు అర్థం ఉంది.

ఇంతవరకూ సాఫీగానే సాగింది. "మరి రాత్రికి కేసిన్ కొనాలా?" అన్న కుర్రాడి రెండో ప్రశ్న దగ్గరే కాలమిస్టు ఆగాల్సి వచ్చింది.

రాత్రికి కేసినే మేలన్న నమ్మకం వెనక ఓ ఫ్రెంచ్ ప్రయోగం ఉంది. 1997లో ఈవ్ బోరీ బృందం రాత్రంతా ఏమీ తినని ఆరోగ్యవంతులకు వే గానీ కేసిన్ గానీ ఇచ్చి, ప్రొటీన్‌లోని ల్యూసిన్ రక్తంలోకి ఎంత వేగంగా చేరుతుందో కొలిచింది. వే చకచకా ఎక్కి, చకచకా దిగిపోయింది. కేసిన్ కడుపులోని ఆమ్లానికి గడ్డకట్టి నెమ్మదిగా కరుగుతుంది. అందుకే ఏడు గంటల తరవాత కూడా దాని జాడ రక్తంలో కనిపించింది. పగటికి వే, రాత్రికి కేసిన్ అన్న మాట ఇలాంటి ఫలితాల మీదే నిలబడింది. కానీ ఆ ప్రయోగంలో కండ పెరిగిందా లేదా అన్నది కొలవలేదు. పైగా అది ఖాళీ కడుపు మీద, ఒక్క ప్రొటీనే ఇచ్చి చేసింది. పప్పూ అన్నమూ తిని పడుకునేవాడి కడుపులో పరిస్థితి వేరు.

తరవాత నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పరిశోధకులు ఈ విషయాన్ని పట్టుకున్నారు. రాత్రి వ్యాయామం చేసినవారికి నిద్రకు ముందు 40 గ్రాముల కేసిన్ ఇస్తే, ఉత్త నీళ్లు తాగినవారికంటే కండలో ప్రొటీన్ తయారీ పెరిగిందని 2012లో చూపించారు. 2015లో పన్నెండు వారాల అధ్యయనంలోనూ నిద్రకు ముందు ప్రొటీన్ తాగినవారికి కండ ఎక్కువ పెరిగింది. అయితే వాళ్లు రోజు మొత్తం మీద కూడా రెండో బృందంకంటే ఎక్కువ ప్రొటీన్ తీసుకున్నారు. ఫలితం నిద్రవేళదా, అదనపు ప్రొటీన్‌దా అన్నది దాంతో తేలదు. 2023లో వేనూ కేసిన్‌నూ పక్కపక్కన పెట్టి, ఓర్పు వ్యాయామం తరవాత నిద్రకు ముందు ఇచ్చి చూస్తే, ఆ రాత్రి కండలో ప్రొటీన్ తయారీ విషయంలో రెండింటికీ తేడా కనిపించలేదు.

ఇక్కడికొచ్చాక కాలమిస్టు చేయి సహజంగానే పెరుగు గిన్నె వైపు వెళ్లింది. రాత్రి పెరుగన్నం తినే ఇంట్లో కేసిన్ డబ్బా ఎందుకన్నది ఈ కాలమ్‌లో చాలాసార్లు వచ్చిన మాటే. పెరుగులో ఉన్న ప్రొటీన్‌లో ఎక్కువ భాగం కేసినే. తోడులోని సూక్ష్మజీవులు లాక్టోజ్‌ను కొంత తినేస్తాయి, మిగిలినదాన్ని అరిగించడానికీ సాయపడతాయి. పాలు పడనివాళ్లకు కూడా పెరుగు పడేది అందుకే.

కానీ కాగితం మీద లెక్క వేస్తే మాట నిలబడలేదు. ఇంటి పెరుగు వంద గ్రాములకు ప్రొటీన్ మూడున్నర గ్రాముల దగ్గర ఉంటుంది. 2012 అధ్యయనంలోలా 40 గ్రాములు కావాలంటే కిలోకు పైగా పెరుగు తినాలి. ఒక్క స్కూపుతో సమానం కావాలన్నా దాదాపు ఏడు వందల గ్రాములు. గడ్డ పెరుగును గుడ్డలో కట్టి వేలాడదీస్తే బరువు తగ్గుతుంది గానీ, పాల ఖర్చు తగ్గదు.

కుర్రాడి బరువు 70 కిలోలు. బరువులెత్తి కండ పెంచేవారికి కిలోకు రోజుకు 1.6 గ్రాముల దగ్గర అదనపు లాభం దాదాపు ఆగిపోతుందని 2018లో అనేక అధ్యయనాలను కలిపి చూసినవారు తేల్చారు. ఆ లెక్కన అతనికి 112 గ్రాములు కావాలి. అతను తినే శాకాహార భోజనంలో వచ్చేది 65 దగ్గర ఆగుతోంది. మిగిలిన లోటు పెరుగుతో పూడదు, రెండు స్కూపులతో పూడుతుంది. అంటే రాత్రిపూట పొడి వాడుక సబబే, కేసిన్ డబ్బా మాత్రం తప్పనిసరి కాదు. పొద్దున వ్యాయామం తరవాత నీళ్లలో ఒక స్కూపు, రాత్రి అదే కాన్‌సెంట్రేట్ ఇంకో స్కూపు చాలు.

తాగడం కన్నా చెంచాతో తినడం ఇష్టమైనవాళ్లకు కేసిన్ బాగుంటుంది. తక్కువ నీళ్లలో కలిపితే పుడ్డింగులా చిక్కబడుతుంది. కొనేటప్పుడు వెనక "మైసెల్లార్ కేసిన్" అని ఉందో లేదో చూసుకోవాలి. కడుపులో గట్టిగా గడ్డకట్టి నెమ్మదిగా కరిగేది అదే. కాల్షియం కేసినేట్ అని ఉంటే అంత నెమ్మది ఉండదు. ఇక పాల అలర్జీ ఉన్నవాళ్ల సంగతి పూర్తిగా వేరు. ఆ అలర్జీ లాక్టోజ్ వల్ల కాదు, పాల ప్రొటీన్ల వల్ల వచ్చేది. కాబట్టి వాళ్లకు ఐసొలేట్‌తో సహా ఈ మూడు డబ్బాల్లో ఏదీ పనికిరాదు.