దూలం మీద దంతెలు, కాగితం మీద మెట్లు

ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు వైపు పాత మట్టి మిద్దె లోపల నిలబడి తలెత్తి చూస్తే ఇంజనీరింగు పుస్తకంలోని మొదటి లెక్క పైనే కనిపిస్తుంది. ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక లావాటి దూలం ఉంటుంది. దాని మీద అడ్డంగా దంతెలు, వాటి మీద పరిచిన కట్టెలో బండలో, ఆపైన మన్ను, వాన నీరు దిగకుండా అన్నిటికీ మీద చౌడు. మట్టి బరువంతా దంతెల మీదికి వస్తుంది, దంతెలు ఆ బరువును తాము ఆనిన చోట్ల మాత్రమే దూలానికి అందిస్తాయి. దూలానికి పైనున్న మట్టితో నేరుగా పని లేదు, అది మోసేది కొన్ని బిందువుల దగ్గర పడే బరువులనే. రెండు చివర్లా ఊరికే ఆని ఉండి, బిందు భారాలు మోసే ఇలాంటి దూలాన్నే సివిల్ విద్యార్థులు సింప్లీ సపోర్టెడ్ బీమ్ అంటారు. దానికి గీయాల్సిన బొమ్మలు రెండు: షియర్ ఫోర్స్‌ది ఒకటి, బెండింగ్ మూమెంట్‌ది ఒకటి. చాలామంది మొదటిదాన్ని మొక్కుబడిగా గీసి రెండోదాని కోసం పరుగెత్తుతారు. అక్కడే తప్పు జరుగుతోందని నా వాదన. దూలం ఎక్కడ ఎక్కువ వంగుతుందో చెప్పేది మొదటి బొమ్మే, రెండోది దాని జమాఖర్చు మాత్రమే.

లెక్క కళ్ళకు కట్టేందుకు 4 మీటర్ల దూలం మీద మీటరుకొకటి చొప్పున మూడే దంతెలు ఉన్నాయనుకుందాం. నిజం మిద్దెలో అవి ఇంకా దగ్గర దగ్గరగా ఉంటాయి, ఆ సంగతికి తర్వాత వద్దాం. ఒక్కో దంతె 4 కిలోన్యూటన్లు, అంటే సుమారు 400 కిలోల బరువు దించుతోంది. కుడి చివరి దంతె దూలం మీద ఆనిన చోటికి సరిగ్గా పైన పది శనక్కాయ మూటలు పేర్చారు, మూట 40 కిలోలు. దాంతో ఆ దంతె భారం 8 అయింది. ఎడమ గోడ నుంచి 1, 2, 3 మీటర్ల దగ్గర వరుసగా 4, 4, 8 అన్నమాట. ముందు గోడలు మోసే పాళ్ళు తేల్చాలి. ఎడమ గోడను ఇరుసుగా పట్టుకుని ఒక్కో భారాన్ని దాని దూరంతో గుణిస్తే 4, 8, 24 వస్తాయి. మొత్తం 36. దాన్ని 4 మీటర్లతో భాగిస్తే కుడి గోడ పాలు 9. మొత్తం బరువు 16 కాబట్టి ఎడమ గోడకు మిగిలింది 7. ఇక్కడ పొరపాటు పడితే ఆపైన గీసే ప్రతి గీతా తప్పే. అందుకే కుడి గోడను ఇరుసుగా తీసుకుని ఇంకోసారి చూసుకోవడం మంచిది: 12, 8, 8 కలిపితే 28, నాలుగో వంతు 7. సరిపోయింది.

ఇప్పుడు దూలాన్ని ఒక చోట కోశామని ఊహించుకోవాలి. కోతకు ఎడమ పక్కనున్న ముక్క పైకీ కిందికీ జారకుండా కోత ముఖం మీద ఎంత బలం కావాలో అదే షియర్ ఫోర్స్. ఎడమ ముక్క మీద పైకి తోసే బలాన్ని ధనంగా తీసుకుంటే ఎడమ గోడ దగ్గర బొమ్మ ఒక్కసారిగా 7కు లేస్తుంది. మొదటి దంతె దాకా కొత్త బరువేదీ లేదు కాబట్టి గీత చదునుగా సాగుతుంది. దంతె దగ్గర నిలువునా 4 దిగి 3 అవుతుంది, రెండో దంతె దగ్గర మైనస్ 1, మూడో దంతె దగ్గర మైనస్ 9. కుడి గోడ 9ని పైకి తోసి బొమ్మను సున్నాకు చేరుస్తుంది. మిద్దెమెట్ల లాంటి బొమ్మ ఇది. మెట్టుకూ మెట్టుకూ మధ్య గీత వాలిందంటే లేని బరువును ఎక్కడో కలిపేశారని అర్థం.

రెండో బొమ్మకు కొత్త లెక్క అక్కర్లేదు. మెట్ల కింది వైశాల్యాన్ని ఎడమ నుంచి కూడుతూ పోతే బెండింగ్ మూమెంట్ వస్తుంది: గోడ దగ్గర 0, మొదటి దంతె కింద 7, రెండోదాని కింద 10, అక్కడి నుంచి 1 తగ్గి మూడోదాని కింద 9, కుడి గోడ దగ్గర మళ్ళీ 0. కొలత కిలోన్యూటన్ మీటర్లలో. ఈ బిందువులను తిన్నని గీతలతోనే కలపాలి. అందంగా ఉంటుందని వంపు తిప్పితే తప్పే. ఇక్కడ చూడాల్సింది ఏమిటంటే, మూటల బరువుతో అన్నిటికన్నా భారమైనది మూడో దంతె. అయినా శిఖరం దాని కింద లేదు. షియర్ బొమ్మ ధనం నుంచి రుణానికి ఎక్కడ దాటిందో అక్కడ, రెండో దంతె కింద ఉంది. ఆ చోటు దాకా కూడుతూ వచ్చిన వైశాల్యం అక్కడి నుంచి తరగడం మొదలవుతుంది, కారణం అంతే.

శిఖరం సరిగ్గా నడిమధ్యనే పడింది కదా, ఎప్పుడూ మధ్యే అనుకుంటే పోలేదా అని ఎవరైనా అడగవచ్చు. మూటలు పెంచి చూద్దాం. మూడో దంతె భారం 12 అయితే గోడల పాళ్ళు 8, 12. మెట్లు 8, 4, 0, మైనస్ 12. మూమెంట్లు 8, 12, 12. రెండో దంతెకూ మూడోదానికీ మధ్య షియర్ సున్నా, అక్కడ శిఖరం ఒక బిందువు కాదు, మీటరు పొడవున్న చదును. భారం 16కు పెంచితే గోడలు 9, 15. మూమెంట్లు 9, 14, 15. ఇప్పుడు శిఖరం మూడో దంతె కిందికి జరిగిపోయింది. దూలమూ దంతెలూ అవే, మారింది మూటలే. కన్ను ఈ జరుగుడును పట్టలేదు, షియర్ గీత సున్నాను దాటే చోటు పట్టిస్తుంది.

సూత్రాలుండగా ఇంత గీత ఎందుకనేవాళ్ళూ ఉన్నారు. మొదటి ఉదాహరణలోని 16 కిలోన్యూటన్లనే తీసుకోండి. బరువంతా నడిమధ్యన ఉందనుకునే సూత్రం మూమెంటును 16 అంటుంది, దూలమంతా సమంగా పరుచుకుందనే సూత్రం 8 అంటుంది. అసలు జవాబు 10. ఒకటి దుబారా, ఇంకొకటి ప్రమాదం. అయితే సమభారపు సూత్రం అబద్ధమని కాదు. మూటలు లేనప్పుడు మూడు దంతెలూ తలా 4 మోస్తే మూమెంట్లు 6, 8, 6 వస్తాయి. మీటరుకు 4 చొప్పున సమంగా పరిచిన బరువుకు గీసే పారాబొలా మీద సరిగ్గా ఈ బిందువులే ఉంటాయి. దంతెలు దగ్గరయ్యే కొద్దీ మెట్లు వాలు గీతలా, మూలలున్న బొమ్మ నున్నటి వంపులా మారుతూ పోతాయి. అందుకే నిజం మిద్దెలో దంతెలు దగ్గరగా, ఒకే బరువుతో ఉన్నంత కాలం సూత్రం చక్కగా పనిచేస్తుంది. ఒక పక్క మూటలు చేరిన రోజు బొమ్మ గీయక తప్పదు. కంప్యూటర్ గీసి పెడుతుంది, నిజమే. ఆనిక బదులు బిగింపు అని పొరపాటున ఎంచితే దానికీ అంతే నిష్ఠగా గీస్తుంది. గోడల దగ్గర మూమెంట్ సున్నా కాలేదేమని అడగగలిగేది చేత్తో గీసినవాళ్ళే.

ఈ బొమ్మలు కర్రలోనూ చదవవచ్చు. మూమెంట్ శిఖరం దగ్గర దూలం అడుగు సాగుతుంది, పగిలితే అడుగున అడ్డంగా చిట్లుతుంది. అందుకే అక్కడ దూలం అడుగును చెక్కకూడదు. షియర్ మెట్టు ఎత్తుగా ఉండే గోడల దగ్గర చీలిక వేరుగా వస్తుంది, కర్ర నార వెంబడి పొడవునా. మన ఉదాహరణలో అది కుడి గోడ పక్క రావాలి, అక్కడ షియర్ 9. ఎడమ పక్కే చీలిందంటే బరువు మనం అనుకున్న చోట లేదు, లేదా గోడలో దాగిన కొస చెమ్మకో చెదకో పాడయింది. రెండోదాన్ని ఏ బొమ్మా చెప్పదు.

జాగిన దూలం కింద నడిమధ్యన ఊతం నిలబెట్టడం మామూలే. అది నిలబడ్డ క్షణం నుంచి దూలానికి ఆధారాలు మూడు, తేల్చాల్సిన పాళ్ళూ మూడు. పైన వాడిన రెండు సమీకరణాలతో అవి తేలవు. ఊతం గట్టిగా బిగిస్తే దాని తల మీద మూమెంట్ తలకిందులవుతుంది, దూలం పై ముఖం సాగుతుంది. అదే గుంజ తల మీద రెండు దూలాలను కోసి విడివిడిగా ఆనిస్తే, ఏ దూలానికి ఆ దూలం మళ్ళీ రెండు చివర్ల దూలమే. దేని బొమ్మ దానికి పైన చెప్పినట్టే గీయవచ్చు.